ప్రశ్న లేని పలకరింపు

మా అన్నయ్య కూతురు ఈమధ్య ఒక కథ రాసింది. ఏదో కథల పోటీకి పంపబోతూ, "లైబ్రరీలో జరిగే కథ అత్తా, తప్పులుంటే చెప్పు" అని ముందుగా నాకు పంపింది. ఉద్యోగకాలమంతా శాఖా గ్రంథాలయాల్లోనే గడిపినదాన్ని. కాబట్టి రిజిస్టర్ల పేర్లూ, పనివేళలూ సరిచూసి పంపితే సరిపోతుందని ఆమె అనుకుంది. నేనూ అలాగే అనుకుని చదవడం మొదలుపెట్టాను.

కథ చిన్నదే. ఒక ఊరి గ్రంథాలయం. తొమ్మిదేళ్ల కుర్రవాడు కౌంటరు పక్కన నిలబడి ఉంటాడు. మాట్లాడడు, వెళ్లిపోడు. గ్రంథపాలకురాలు తలెత్తి, చిరునవ్వుతో "ఏం కావాలి బాబూ?" అంటుంది. జవాబు రాదు. "నీ పేరేమిటి? ఏ తరగతి? ఎలాంటి పుస్తకాలంటే ఇష్టం?" అని లాలనగా అడుగుతుంది. నాలుగో ప్రశ్నకు వాడి కళ్లు మెరుస్తాయి. "రాజుల కథలు" అంటాడు. ఆమె బీరువా తెరిచి ఒక పుస్తకం తీసి ఇస్తుంది. చివరి పేరాలో ఆ కుర్రవాడు కలెక్టరై వచ్చి ఆమె కాళ్లకు దండం పెడతాడు.

కలెక్టరు సంగతి వదిలేద్దాం. మన కథల్లో గ్రంథాలయం మెట్లెక్కిన ప్రతి పేదపిల్లవాడూ కలెక్టరు కాక తప్పదు. మామూలు గుమాస్తా అయితే పుస్తకాలకు చిన్నతనమని కాబోలు. నా పేచీ అంతా మొదటి సంభాషణతోనే. నిజమైన గ్రంథాలయంలో అయితే "ఏం కావాలి బాబూ?" అనగానే ఆ కుర్రవాడు గుమ్మం దాటేస్తాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. నాలుగో ప్రశ్నదాకా నిలబడేవాడు అసలు మౌనంగా నిలబడే పిల్లవాడే కాదు.

కౌంటరు దగ్గర మాట్లాడకుండా తచ్చాడే పిల్లల్ని పలకరించాలా అంటే, తప్పకుండా పలకరించాలి. ఆ పలకరింపులో మాత్రం ప్రశ్న ఉండకూడదని నా అభిప్రాయం. మేనకోడలితో ఫోనులో చాలాసేపు వాదించాక కూడా నా మాట మారలేదు. వాదనలో ఆమె అన్నవాటిలో కొన్నింటికి నా దగ్గర సరైన జవాబు లేదు. అవి కూడా ఇక్కడ రాస్తాను.

కౌంటరు దగ్గరే ఎందుకు

కథలో నాకు మొదట తట్టిన లోపం, ఆ పిల్లవాడు అక్కడ ఎందుకు నిలబడ్డాడో రచయిత్రి ఆలోచించలేదు. చదువు మీద దాహం, మనసులో బిడియం అని తేల్చేసింది. దాహమే ఉంటే బీరువాల దగ్గరికో, పిల్లల పత్రికలు పెట్టే బల్ల దగ్గరికో వెళ్తాడు కదా. కౌంటరు దగ్గర ఏముందని?

కౌంటరు దగ్గర తాళంచెవులు ఉంటాయి. మన శాఖా గ్రంథాలయాల్లో చాలాచోట్ల పుస్తకాలు ఇప్పటికీ ఇనుప బీరువాల్లోనే ఉన్నాయి. స్టాకు తనిఖీలో పుస్తకాల లెక్క తగ్గితే సంజాయిషీ చెప్పుకోవలసింది గ్రంథపాలకుడే కాబట్టి, బీరువా బార్లా తెరిచి పెట్టడానికి చేయి రాదు. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో అచ్చయిన ఐదు సూత్రాల పుస్తకంలో, ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు దొరకాలన్న మూడో సూత్రం కింద మొదట చెప్పిన ఉపాయమే పుస్తకాలను పాఠకుడి చేతికి అందేలా తెరిచి ఉంచడం. మేము పరీక్షల్లో ఆ సూత్రాన్ని అప్పజెప్పి, ఉద్యోగంలో చేరగానే తాళాల గుత్తి అందుకున్నాం. పిల్లవాడు తాళాల వైపు చూస్తూ నిలబడితే అందులో బిడియం మాట ఎక్కడుంది? ఆ బీరువాను తెరిచే దారి అదొక్కటే.

గుమ్మం దగ్గరి పాఠకుల రిజిస్టరు మరో కారణం. లోపలికి వచ్చినవాళ్లు పేరు రాసి సంతకం చేయాలి. ముందు వరుసలో ఎవరో పెద్దాయన ఇంగ్లీషులో గిలికిన సంతకాన్ని చూసి, తానూ అలాగే చేయాలేమోనని ఆగిపోయిన పిల్లలు ఉంటారు. సభ్యత్వ దరఖాస్తు తీసుకెళ్లి, హామీ సంతకం పెట్టేవాళ్లు దొరకక ఖాళీగా వెనక్కి తెచ్చినవాళ్లు ఉంటారు. డిపాజిట్టు డబ్బు ఇంట్లో ఇవ్వనన్నారని చెప్పలేనివాళ్లు ఉంటారు. అక్కో అన్నో తీసుకున్న పుస్తకం గడువు దాటితే, తిరిగి ఇవ్వడానికి ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లను పంపడం ఊళ్లలో మామూలే. జరిమానా అడిగితే ఏం చెప్పాలో చెప్పకుండా పంపుతారు. ఇంకొందరికి మంచినీళ్లు కావాలి, మరుగుదొడ్డి ఎక్కడో తెలియాలి, వాన వెలిసేదాకా చూరు కింద చోటు కావాలి.

ఈ జాబితాలో ఏ ఒక్కదానికైనా "ఏం కావాలి?" అన్న ప్రశ్నకు తేలికగా చెప్పే జవాబు ఉందేమో చూడండి. అందరూ వినేలా "మా నాన్న డబ్బు ఇవ్వలేదు" అనాలి. లేదా "పుస్తకం తడిసిపోయింది" అని నేరం ఒప్పుకోవాలి. ఏమీ అక్కర్లేక ఊరికే చూస్తున్న పిల్లకైతే ఆ ప్రశ్న ఇంకా ఇబ్బంది. ఏదీ అక్కర్లేకపోతే ఇక్కడ ఉండకూడదని ఆ పిల్లకు వినిపిస్తుంది.

ఇది పిల్లల సంగతే కాదు. 1972లో అచ్చయిన ఒక పరిశీలన కోసం, అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో స్వోప్, కాట్జర్ అనే ఇద్దరు అక్కడి గ్రంథాలయంలో ఉన్న పాఠకులనే కలిసి మాట్లాడారు. మనసులో ప్రశ్న ఉన్నవాళ్లలో ఎక్కువమంది దాన్ని గ్రంథపాలకుణ్ని అడగబోమని చెప్పారు. ఆయన్ను ఇబ్బంది పెట్టడమెందుకని కొందరు, ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారోనని కొందరు. చదువుకున్న పెద్దల పరిస్థితే అదైతే, నాలుగడుగుల పిల్ల సంగతి చెప్పాలా? కౌంటరు ఎత్తే మూడున్నర అడుగుల దాకా ఉంటుంది. కుర్చీలో కూర్చున్న మాకు అటువైపు నుదురూ, రెండు కళ్లూ మాత్రమే కనిపిస్తాయి. చేతిలో ఏముందో కనిపించదు. అసలు కబురంతా ఆ చేతిలోనే ఉంటుంది.

ఎవరి అబ్బాయివి?

నిజానికి మా ఊళ్లలో "ఏం కావాలి?" రెండో ప్రశ్న. మొదటిది "ఎవరి అబ్బాయివి?". పేపర్ల బల్ల దగ్గర కూర్చునే పెద్దవాళ్లు కొత్త పిల్లవాడు కనబడితే మొదట అడిగేది ఇదే. ప్రేమగానే అడుగుతారు. జవాబుగా తండ్రి పేరు వస్తుంది, పేరు వెంట ఇంటిపేరు, దాని వెంట ఏ పేటో తెలిసిపోతుంది. అక్కడితో ఆ పిల్లవాడిని ఎక్కడ ఉంచాలో పెద్దవాళ్ల మనసులో ఏర్పాటు జరిగిపోతుంది. కొందరు పిల్లలు ఈ ప్రశ్నకు గబగబా జవాబు చెప్పి బల్లమీద దర్జాగా కూర్చుంటారు. కొందరు నేలచూపులు చూస్తారు. ఎవరు ఏ రకమో ముందే తెలిసిన ఊరు అది. జవాబు చెప్పాక చూపులు మారతాయని ఆ వయసుకే తెలిసిన పిల్లవాడు నోరు మెదపకపోవడం తెలివైన పని. నా మేనకోడలి కథలో గ్రంథపాలకురాలు పేరు అడుగుతుంది, తరగతి అడుగుతుంది. ఆమె అడిగేది మంచి మనసుతోనే. వినేవాడికి మాత్రం అది అదే వరుసలో వచ్చే మరో విచారణ.

గ్రంథపాలకుల పనితీరు గురించి అమెరికా గ్రంథాలయ సంఘం వారు ఒక మార్గదర్శక పత్రం తయారుచేశారు. 1996లో మొదట వచ్చి, తర్వాత సవరణలు పొందింది. పాఠకుడికి ఏం కావాలో విని, అడిగి తెలుసుకోవడం అందులో మొదటి అంకం కాదు. దగ్గరికి రావచ్చు అనిపించేలా కనబడటం, ఆసక్తి చూపడం ముందు వస్తాయి. తలెత్తి చూడటం, చేస్తున్న పని ఆపడం, నమస్కారం చెప్పడం లాంటివి. ఎక్కువ మాట్లాడని దేశంవాళ్లు రాసుకున్న నియమాలని కొట్టిపారేయడానికి లేదు. మాటలు ఎక్కువున్న మన దగ్గర అవి ఇంకా అవసరం.

ఒక్క సెకను

మేనకోడలు బడిలో పాఠాలు చెబుతుంది. "ప్రశ్న వేయకపోతే పిల్లలు అసలు మాట్లాడరు అత్తా, నాకు తెలుసు" అంది. ఆమె రంగంలోనే దీనికి జవాబు ఉంది. మేరీ బడ్ రో అనే విజ్ఞానశాస్త్ర బోధన పరిశోధకురాలు 1960లు, 70లలో తరగతి గదుల సంభాషణలను టేపులమీద రికార్డు చేసి, ప్రశ్న వేశాక టీచర్లు ఎంతసేపు ఆగుతున్నారో కొలిచింది. సగటున ఒక సెకను. ఆలోగా జవాబు రాకపోతే ప్రశ్నను తిప్పి అడుగుతారు, లేదా మరో పిల్లవాడి వైపు తిరుగుతారు. ఆ విరామాన్ని మూడు సెకన్లు, ఆపైకి పెంచితే జవాబులు పొడవయ్యాయి, అసలు జవాబే లేకపోవడం తగ్గింది, అడగకుండానే మాట్లాడే పిల్లలు పెరిగారు.

గడియారం చూస్తూ మూడు సెకన్లు మౌనంగా ఉండి చూడండి, ఎంత పొడవో తెలుస్తుంది. మన కథలోని గ్రంథపాలకురాలు నాలుగు ప్రశ్నలను నాలుగు వాక్యాల్లో కురిపించింది. అయితే నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. రో కొలిచింది తరగతి గదిని, అక్కడ ప్రశ్న ఉంది, ఎదురుచూపు దాని తర్వాత వస్తుంది. ప్రశ్నే వద్దనే నా వాదనను ఆ పరిశోధన నేరుగా బలపరచదు. పెద్దవాళ్ల ఓపికకు మనం ఊహించుకునే నిడివికీ అసలు నిడివికీ ఎంత తేడా ఉందో మాత్రమే చెబుతుంది. అక్కడినుంచి ప్రశ్న వద్దన్నదాకా వచ్చింది నేనే, నా కౌంటరు అనుభవంతో.

ఇంకో వైపునుంచి కొంత ఆసరా ఉంది. ఇంట్లో చక్కగా మాట్లాడుతూ, బడిలోనో కొత్తచోటో నోరు పెగలని పిల్లలు కొందరుంటారు. ఆ స్థితి నెలకు మించి సాగి, చదువుకూ మెలగడానికీ అడ్డుపడితే మానసిక వైద్యులు దాన్ని ఆందోళనకు సంబంధించిన సమస్యగా చూస్తారు. బడిలో చేరిన మొదటి నెలను ఈ లెక్కలో తీసుకోరు. అలాంటి పిల్లలతో మెలిగేవాళ్లకు ఇచ్చే సలహాల్లో ముఖ్యమైనవి: కళ్లలోకి చూస్తూ ప్రశ్నలు వేయవద్దు, పక్కన ఉండి ఏం జరుగుతోందో మామూలుగా చెబుతూ ఉండండి, చేతులతో చేసే పని ఏదైనా కలిసి చేయండి. కౌంటరు దగ్గర నిలబడ్డ ప్రతి పిల్లకూ ఈ సమస్య ఉందని అనడం అన్యాయం. పేరు పెట్టడం గ్రంథపాలకుల పని కూడా కాదు. కానీ ఆ పద్ధతిలో హాని లేదు. కారణం భయమైనా, జరిమానా అయినా, వాన అయినా అది ఒకేలా పనిచేస్తుంది. ఎదుట ఉన్నది ఏ కారణమో తెలియని ఆ మొదటి నిమిషానికి నాకు అంతకన్నా పనికొచ్చేది కనబడలేదు.

మేనకోడలి అభ్యంతరాలు

"నువ్వు చెప్పినట్టు రాస్తే గ్రంథపాలకురాలు పట్టించుకోని మనిషిలా కనబడుతుంది" అన్నది మొదటి అభ్యంతరం. ఇందులో నిజముంది. తలవంచుకుని పని చేసుకుంటూ ఏదో అంటున్న ఉద్యోగిని చూస్తే బయటివాళ్లకు అలాగే అనిపిస్తుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో తలెత్తని ఉద్యోగులను చూసి చూసి ఉన్నాం కదా. తేడా ఎక్కడంటే, మొదట ఒకసారి తలెత్తి చూడటం, నువ్వు ఇక్కడ ఉండవచ్చని మాటల్లో చెప్పడం. ఆ రెండూ లేకుండా పనిలో పడితే అది నిర్లక్ష్యమే. ఆ రెండూ చేసి పనిలో పడితే పిల్లకు ఊపిరి తీసుకునే సందు దొరుకుతుంది. చూసేవాళ్లకు రెండూ ఒకేలా ఉంటే కథకు ఇబ్బందే. ఆ ఇబ్బందిని తీర్చడం కథకురాలి పని అని తోసేశాను.

రెండోది ఇంకా గట్టిది. "ఆ పిల్ల నిజంగా ఆపదలో ఉంటే? తప్పిపోయి వచ్చి ఉంటే? ఎవరో వెంటపడితే లోపలికి వచ్చి ఉంటే? నువ్వు చీటీలు సర్దుకుంటూ కూర్చుంటావా?" కూర్చోకూడదు. ఏడుస్తున్నా, దెబ్బ తగిలినట్టున్నా, పదేపదే గుమ్మం వైపు చూస్తున్నా, గ్రంథాలయం మూసే వేళ దగ్గరపడి వెంట ఎవరూ రాకపోయినా లేచి దగ్గరికి వెళ్లి సూటిగా అడగాలి. అప్పుడు కూడా అవునో కాదో తల ఊపి చెప్పగలిగేలా అడగాలి. "ఇంటికి దారి తెలుసా?" అంటే తల ఊపవచ్చు. "ఏమైంది?" అంటే కథంతా చెప్పాలి. ఈ సంకేతాలు ఏవీ లేనప్పుడు కూడా పొరబడే అవకాశం ఉంది కదా అంటే, ఉంది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

మూడో అభ్యంతరం రచయిత్రిది. "సంభాషణ లేకపోతే కథ నడవదు. ఇద్దరిలో ఒకరు మాట్లాడరు, రెండోవాళ్లు అడగరు. పాఠకుడికి సంగతి ఎలా తెలుస్తుంది?" దీనికి వాదన పనికిరాదని నేనే ఆ సన్నివేశం రాసి పంపాను. నేను కథకురాలిని కాను. చూసినవి నాలుగు కలిపి ఒకటిగా కుట్టాను, అంతే.

నేను రాసి పంపినది

వానాకాలం సాయంత్రం. గ్రంథాలయం తెరిచి అరగంట అయింది. పేపర్ల బల్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు. గ్రంథపాలకురాలు కౌంటరు మీద ట్రే పెట్టుకుని, పుస్తకాలు తీసుకెళ్లిన పాఠకుల టికెట్లను గడువు తేదీల వారీగా పేరుస్తోంది.

కౌంటరు చివర, గోడవైపు, ఒక పిల్ల నిలబడి ఉంది. ఎనిమిదేళ్లుండవచ్చు. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. ఎడమచేయి వెనక్కి పెట్టుకుంది.

గ్రంథపాలకురాలు తలెత్తి చూసింది. "రా తల్లీ, వాన తగ్గేదాకా ఇక్కడ ఉండవచ్చు. నేను ఈ టికెట్లు సర్దుకుంటున్నాను" అంది. మళ్లీ ట్రేలోకి చూసింది.

పిల్ల కదలలేదు. కాసేపటికి కౌంటరు అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి ట్రేలోకి తొంగిచూసింది. గ్రంథపాలకురాలు ట్రేను రెండంగుళాలు అటువైపు జరిపింది.

"పదో తేదీవి ఇవి. ఇవి పదిహేనోవి. తేదీ దాటిపోయినవి వెనక పెడతాను."

వెనక పెడతాను అన్న మాటకు పిల్ల చేయి కదిలింది. పల్చటి ప్లాస్టిక్ సంచి. అడుగునుంచి నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. సంచిలోంచి పుస్తకం వీపున అతికించిన నంబరు చీటీ మసకగా కనిపిస్తోంది. గ్రంథపాలకురాలు చూసింది. చూసినట్టు అనలేదు.

"ఈ బల్ల మీదికి అన్ని రకాల పుస్తకాలూ వస్తాయి. చిరిగినవి వస్తాయి, వానలో తడిసినవి వస్తాయి. తడిసినవాటిని ఏం చేయాలో నాకు తెలుసు."

టికెట్లు మరికొన్ని పేర్చింది. సంచి కౌంటరు మీదికి వచ్చింది. చేయి వెంటనే వెనక్కి వెళ్లిపోయింది.

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి, తెరవబోయి ఆగింది. "బాగా తడిసిన పుస్తకాన్ని గబుక్కున తెరిస్తే పేజీలు చిరుగుతాయి. ఎండలో పెడితే అట్ట వంకరపోతుంది. ఫ్యాను కింద నిలబెట్టాలి. ముందు నీరు పీల్చడానికి మధ్యమధ్య పేపరు పెట్టాలి. ఆ మూల పాత పేపర్లున్నాయి."

పిల్ల మూలకు వెళ్లి ఒక పేపరు తెచ్చింది. సగానికి చింపింది. మళ్లీ సగానికి. గ్రంథపాలకురాలు అంచులు పట్టి కొన్ని పేజీలు మెల్లగా ఎత్తింది, పిల్ల ముక్కను లోపలికి జార్చింది. ఇంకొన్ని పేజీలు. ఇంకో ముక్క. నున్నటి కాగితం మీద అచ్చయిన బొమ్మల పేజీలు రెండు అతుక్కుపోయి ఉన్నాయి. "వీటిని ఇప్పుడు లాగకూడదు" అని వాటిని అలాగే వదిలేసింది.

అట్ట లోపలి నంబరు చూసి, ట్రే వెనక భాగంలోంచి ఒక టికెట్టు తీసింది. "ఇది ఏడో తరగతి అబ్బాయి టికెట్టు."

పిల్ల తన తలమీదుగా చేయి ఎత్తి, ఇంత ఎత్తు అన్నట్టు చూపింది.

"మీ అన్నయ్యా. సరే. గడువు దాటిన రోజులకు కొంచెం జరిమానా ఉంటుంది. అది అన్నయ్య వచ్చినప్పుడు చూసుకుంటాం. పుస్తకం సంగతి ఆరాక తెలుస్తుంది. ఈ పేపర్లు తడిసిపోతే తీసి కొత్తవి పెట్టాలి, లేకపోతే రెండు మూడు రోజుల్లో బూజు వస్తుంది. రేపు ఉదయం ఎనిమిదికి మారుస్తాను."

పిల్ల ఖాళీ సంచిని నీళ్లు దులిపి, మడిచి పట్టుకుని వెళ్లింది.

మర్నాడు ఎనిమిదికి తాళం తీస్తుంటే మెట్ల మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఇంటినుంచి తెచ్చిన పాత పేపర్ల కట్ట ఉంది.

ఆ తర్వాత

చదివి ఆమె ఫోను చేసింది. "ఒకచోట నువ్వే అడిగావు, మీ అన్నయ్యా అని" అంది. అది అడగడం కాదని, పిల్ల చెప్పినదాన్ని మాటల్లో తిరిగి చెప్పడమని వాదించాను. రాతలో ప్రశ్నార్థకం కూడా పెట్టలేదు. ఒప్పుకుందో లేదో తెలియదు.

అసలు విమర్శ వేరే ఉంది. ఈ గ్రంథపాలకురాలు మరీ అదృష్టవంతురాలు అంది. సంచి పల్చగా ఉంది కాబట్టి నంబరు చీటీ కనబడింది. కనబడకపోతే? దరఖాస్తు మీద సంతకం దొరకని పిల్లవాడి చేతిలో ఏ సంచీ ఉండదు కదా. నిజమే, తడిసిన పుస్తకం కథకు సులువైన కారణం. సంతకం దొరకని పిల్లవాడి కథ ఇంత త్వరగా తేలదు. అలాంటి పిల్లవాడికి చెప్పదగ్గ మాటలు కొన్ని ఉన్నాయి: "సభ్యత్వం లేకపోయినా ఇక్కడ కూర్చుని ఏ పుస్తకమైనా చదువుకోవచ్చు", "బీరువా తెరిచే ఉంది". అవి ఊరికే గాలిలోకి అన్నట్టు అంటూ ఉండాలి. ఏది తగులుతుందో తెలియదు. కొన్నిసార్లు ఏదీ తగలదు, వాడు వెళ్లిపోతాడు, మర్నాడు రాడు. ఆ కథ రాయమంటే పోటీకి పనికిరాదంది.

ఇంకో ఇబ్బంది ఆమె అనలేదు గానీ నేనే అంటాను. నేను రాసిన ఊరి గ్రంథాలయంలో గ్రంథపాలకురాలు ఉంది, ఉదయం ఎనిమిదికి తాళం తీస్తోంది. చాలా శాఖల్లో పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాలేదు. ఒకే మనిషి పేపర్లు పరచడం, రిజిస్టర్లు రాయడం, ఊడ్చేవాళ్లు రాకపోతే ఊడ్చుకోవడం అన్నీ చేస్తారు. అలాంటి మనిషి ఒక పిల్ల పక్కన అరగంట పేపరు ముక్కలు పెడుతూ కూర్చోగలదా? ప్రతిరోజూ కూర్చోలేదు. ప్రశ్న లేని పలకరింపుకు మాత్రం అరగంట అక్కర్లేదు. నేను రాసిన దానిలో ఆ భాగం రెండు వాక్యాలే. నాలుగు ప్రశ్నలు అడగడానికి పట్టే సమయంకన్నా తక్కువ. మిగతాది ఆ రోజు వాన పడి, పాఠకులు పలచబడి, చేతికి తీరిక దొరకడం వల్ల జరిగినది.

చివరికి ఆమె పోటీకి పంపిన కథ నాదీ కాదు, మొదటిదీ కాదు. పిల్ల ఉంది, తడిసిన పుస్తకం ఉంది, కలెక్టరు పోయాడు. "ఏం కావాలి పాపా?" అన్న ప్రశ్నను మాత్రం వదులుకోలేకపోయింది. దాన్ని తీసి పేపర్ల బల్ల దగ్గరి పెద్దాయన నోట్లో పెట్టింది. ఆయన అడుగుతాడు, పిల్ల గోడకు ఇంకొంచెం దగ్గరగా జరుగుతుంది, ఆ తర్వాతే గ్రంథపాలకురాలు తలెత్తుతుంది. రెండు పలకరింపులూ పక్కపక్కన ఉండటంతో తేడా దానంతటదే తెలిసింది. నాకు తట్టని ఏర్పాటు అది. నేను మార్చమన్నది ఒక్కటే. ఆ పెద్దాయన "ఏం కావాలి?" అనడు, "ఎవరి అమ్మాయివి?" అంటాడని చెప్పాను. మార్చింది.